ఐదో రీడింగును ఏం చేయాలి?

బోరు నీళ్ల కఠినత్వం తేల్చడానికి ఒక చిన్న ల్యాబులో పరీక్ష జరుగుతోందనుకుందాం. పద్ధతి ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ చదివినవాళ్లందరికీ తెలిసిందే. 50 మిల్లీలీటర్ల నీటిని పిపెట్‌తో తీసి కోనికల్ ఫ్లాస్కులో పోస్తారు. కొంచెం బఫర్, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ వేయగానే నీరు వైన్ ఎరుపులోకి మారుతుంది. బ్యూరెట్‌లోంచి 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణాన్ని బొట్లుబొట్లుగా వదులుతారు. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం వచ్చిన చోట ఆపేస్తారు. ఎన్ని మిల్లీలీటర్ల ఈడీటీఏ పట్టిందో దాన్ని 20తో గుణిస్తే, ఆ నీటిలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కఠినత్వం ఉందో వస్తుంది.

అదే సీసాలోని నీటితో ఐదుసార్లు చేశారు. రీడింగులు వరసగా 9.95, 10.00, 9.90, 9.95, 10.40 మిల్లీలీటర్లు. మొదటి నాలుగూ ఒకచోటే ఉన్నాయి. ఐదోది మాత్రం దూరంగా పడింది.

ఈ ఐదో రీడింగును ఉంచాలా, తీసేయాలా అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం, కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుంటే ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకూ అనుమతిస్తారు. ఐదు రీడింగులూ కలిపి సగటు కడితే 10.04, అంటే కఠినత్వం 200.8. ఐదోదాన్ని తీసేసి నాలుగింటి సగటు కడితే 9.95, అంటే 199.0. ఉంచితే నీరు హద్దు దాటింది, తీస్తే హద్దులో ఉంది. అంటే ఫలితం ఏమిటన్నది నీటి చేతిలోంచి పరీక్ష చేసినవాడి చేతిలోకి వచ్చేసింది. సంఖ్యాశాస్త్రం ఇలాంటి చోట ఏం చేయగలదో, ఏం చేయలేదో వివరంగా చూద్దాం.

లెక్కల కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ రీడింగు అలా రావడానికి బల్ల మీద ఏం జరిగిందో వెతకాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా పట్టిక తెరుస్తారు. అలా చేస్తే చేతికందే సమాచారాన్ని వదులుకున్నట్టే. తేడా పరిమాణమే ఎన్నో చెబుతుంది. మిగతా నాలుగింటి సగటు కన్నా ఐదోది 0.45 మిల్లీలీటర్లు ఎక్కువ. బ్యూరెట్ బొట్టు సుమారు 0.05 మిల్లీలీటర్లు కాబట్టి, ఇది తొమ్మిది బొట్ల తేడా. రంగు మారే క్షణంలో ఒకటి రెండు బొట్లు ఎక్కువ పడడం ఎవరికైనా జరిగేదే. తొమ్మిది బొట్లు పడ్డాయంటే చెయ్యి బ్యూరెట్ కాక్ మీద ఉందా, చూపు ఫ్లాస్కు మీద ఉందా అని అడగాలి.

ఇంకో కోణం ఉంది. 0.45 అంటే 9.95లో దాదాపు నాలుగున్నర శాతం. ఫ్లాస్కులో అసలు నీరే నాలుగున్నర శాతం ఎక్కువుంటే, అంటే 50కి బదులు 52 మిల్లీలీటర్ల పైచిలుకు ఉంటే, సరిగ్గా ఇంత తేడానే వస్తుంది. ఇది జరిగే దారి ల్యాబుల్లో పనిచేసే వాళ్లకు బాగా తెలుసు. కోనికల్ ఫ్లాస్కును డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రమే కడగాలి. దాన్ని కూడా పిపెట్ లాగే పరీక్షించే నీటితోనే తొలిపితే, అడుగున మిగిలిపోయిన నీరు కొలతలో కలిసిపోతుంది. మూడో అనుమానం బ్యూరెట్ ముక్కులో ఇరుక్కున్న గాలి బుడగ. టైట్రేషన్ మధ్యలో అది బయటికి జారితే, ఆ ఖాళీలోకి దిగిన ద్రావణం ఫ్లాస్కులోకి చేరకుండానే ఖర్చు కింద లెక్కకొస్తుంది. నాలుగోది, మొదలుపెట్టినప్పుడు బ్యూరెట్ సున్నా దగ్గర లేకపోవడం.

ఇవన్నీ రీడింగును పెంచే కారణాలే, కానీ ఊహలు. వీటిలో ఏదైనా నిజంగా జరిగిందని ఆ సమయంలోనే నోట్‌బుక్‌లో రాసి ఉంటే, లేదా గాజుసామాను చూస్తే సాక్ష్యం కనిపిస్తే, ఆ రీడింగును ఏ పరీక్షా పెట్టకుండానే తీసేయొచ్చు. పక్కన కారణం రాస్తే చాలు. అప్పుడది గణాంకాల సమస్యే కాదు, తెలిసిన పొరపాటు. సాక్ష్యం లేకుండా, ఫలితం చూశాక, నచ్చని అంకెకు సరిపడే కారణాన్ని పుట్టించడం మాత్రం వేరే సంగతి. నిజమైన కారణాన్నీ కల్పించిన కారణాన్నీ వేరుచేసే గీత ఒకటే. మిగతా నాలుగు రీడింగులప్పుడు కూడా అదే జరిగిందా లేదా అని అంతే శ్రద్ధతో చూశారా? మంచి రీడింగుల దగ్గర ఎవరూ బుడగలు వెతకరు. ఇబ్బంది పెట్టే రీడింగు దగ్గరే వెతుకుతారు. అందుకే నోట్‌బుక్‌లోని గమనిక, ఫలితం లెక్కగట్టక ముందు పడినదైతేనే దానికి విలువ.

కారణం దొరకలేదనుకుందాం. అప్పుడు గణాంకాల దగ్గరికి వస్తాం.

కొద్ది రీడింగులున్నప్పుడు రసాయన ల్యాబుల్లో ఎక్కువగా వాడేది డిక్సన్ క్యూ పరీక్ష. అమెరికా గణాంకవేత్త విల్‌ఫ్రిడ్ డిక్సన్ 1950, 51 సంవత్సరాల్లో దీన్ని తీర్చిదిద్దాడు. దీని వెనక ఆలోచన చాలా తేలిక. అనుమానపు అంకె తన పక్కనున్న అంకెకు ఎంత దూరంలో ఉందో చూస్తారు. ఆ దూరాన్ని మొత్తం వ్యాప్తితో, అంటే అతి పెద్ద అంకెకూ అతి చిన్న అంకెకూ మధ్యనున్న తేడాతో భాగిస్తారు. మన ఉదాహరణలో:

```
Q = (10.40 − 10.00) / (10.40 − 9.90) = 0.40 / 0.50 = 0.80
```

ఐదు రీడింగులకు పట్టికలో ఉన్న హద్దు 95 శాతం స్థాయిలో 0.710. మనది 0.80, హద్దు దాటింది కాబట్టి తీసేయొచ్చు. అదే 99 శాతం స్థాయికి వెళ్తే హద్దు 0.821. మనది దాని కన్నా తక్కువ, కాబట్టి ఉంచాలి. ఒకే ఐదు అంకెలు, ఒకే పరీక్ష, రెండు జవాబులు. ఈ స్థాయిల అర్థం తెలియకపోతే ఇది మాయలా కనిపిస్తుంది.

95 శాతం స్థాయి అంటే, ఆ రీడింగు తప్పు కావడానికి 95 శాతం అవకాశముందని కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పరీక్ష చెప్పేది ఇంకొకటి. ఐదు రీడింగులూ నిక్కమైనవే అయి, మామూలు చెదురుపాటు తప్ప మరే దోషమూ లేకుండా ఉన్నా, ఇంత పెద్ద క్యూ విలువ నూరు సెట్లలో ఐదింటిలోపే వస్తుందని. అంటే 95 శాతం హద్దును పాటించే ల్యాబు, దోషమే లేని ప్రతి ఇరవై సెట్లలో సగటున ఒక సెట్ నుంచి మంచి రీడింగును బయటికి గెంటేస్తుంది. రోజుకు ఇరవై నమూనాలు చేసే చోట, అది రోజుకొకటి. 99 శాతానికి వెళ్తే ఈ నష్టం నూటికొకటికి తగ్గుతుంది, కానీ అప్పుడు నిజంగా చెడిన రీడింగులు ఎక్కువ సంఖ్యలో లోపలే ఉండిపోతాయి. రెండు నష్టాలూ ఒకేసారి తగ్గించే స్థాయి ఏదీ లేదు. అందుకే స్థాయిని రీడింగులు చూడక ముందే రాసిపెట్టుకోవాలి. 0.80 వచ్చాక 95 ఎంచుకోవాలా 99 ఎంచుకోవాలా అని ఆలోచించేవాడు, తనకు కావలసిన జవాబును ఎంచుకుంటున్నట్టే లెక్క.

పరీక్షకు ఆధారమైన ఊహ ఇంకొకటి ఉంది. మంచి రీడింగుల చెదురుపాటు గంట ఆకారంలోని నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ను అనుసరిస్తుందని అది నమ్ముతుంది. టైట్రేషన్‌కు ఇది చాలావరకూ సరిపోతుంది. నీటిలో బాక్టీరియాల లెక్క, ఇసుక నమూనాల్లో బంగారం పాలు వంటి వాటికి సరిపోదు. అక్కడ అప్పుడప్పుడూ చాలా పెద్ద అంకె రావడమే ఆ వస్తువు స్వభావం. అలాంటి చోట క్యూ పరీక్ష పెడితే, కొలవాల్సిన దాన్నే చెరిపేస్తాం.

ఇక గ్రబ్స్ పరీక్ష. ఫ్రాంక్ గ్రబ్స్ 1950లో ప్రతిపాదించినది. అంతర్జాతీయ ప్రమాణాల్లో క్యూ కన్నా దీనికే ప్రాధాన్యం ఎక్కువ. ఇందులో అనుమానపు అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, దాన్ని ప్రామాణిక విచలనంతో భాగిస్తారు. మన ఐదింటికీ సగటు 10.04, ప్రామాణిక విచలనం 0.204. దూరం 0.36. భాగిస్తే 1.76. ఐదు రీడింగులకు రెండువైపులా చూసే 95 శాతం హద్దు 1.715, 99 శాతం హద్దు 1.764. ఇక్కడా అదే కథ. ఒక హద్దు దాటింది, ఇంకో హద్దుకు వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

ఈ లెక్కలో ఒక విషయం దగ్గర ఆగాలి. చాలా చోట్ల ‘సగటుకు మూడు ప్రామాణిక విచలనాల కన్నా దూరముంటే తీసేయ్’ అనే సూత్రం వాడుకలో ఉంది. వేల రీడింగులున్నప్పుడు అది బాగానే పనిచేస్తుంది. ఐదింటికి వాడితే మాత్రం అది ఎప్పటికీ దేన్నీ తీసేయలేదు. ఎందుకంటే దూరంగా పడిన అంకె సగటును తనవైపు లాక్కుంటుంది, ప్రామాణిక విచలనాన్నీ ఉబ్బిస్తుంది. ఐదు రీడింగుల్లో ఒకటి సగటుకు గరిష్ఠంగా 1.79 ప్రామాణిక విచలనాల దూరం మాత్రమే వెళ్లగలదు. ఇది బీజగణితం విధించిన గోడ. ఐదో రీడింగు 10.40కి బదులు 1,040 వచ్చినా ఈ గోడ దాటదు. పది రీడింగులకు గోడ 2.85 దగ్గర ఉంటుంది. మూడును దాటే అవకాశం రావాలంటే కనీసం పదకొండు రీడింగులు కావాలి. మన ఐదింటిలో ఆ ఒక్క అంకె చేసిన పని చూడండి. అది లేకుండా ప్రామాణిక విచలనం 0.041. అది చేరగానే 0.204, ఐదు రెట్లు. గ్రబ్స్ పట్టికలోని హద్దులు ఈ గోడను లెక్కలోకి తీసుకునే వేసినవి. అందుకే అవి మూడు దగ్గర కాక, 1.7 దగ్గర ఉంటాయి.

ఇదే ఉబ్బు, చెడ్డ రీడింగులు రెండున్నప్పుడు ఇంకా పెద్ద చిక్కు తెస్తుంది. ఐదోదానితో పాటు ఇంకొకటి కూడా 10.35 వచ్చి ఉంటే, క్యూ లెక్కలో పక్కనున్న దూరం 0.05కి పడిపోయేది. అప్పుడు ఒకదాన్నొకటి కాపాడుకునేవి. పరీక్ష ఏ అనుమానమూ లేదని చెప్పేది. ఒక అంకెను తీసేసి మిగతావాటి మీద మళ్లీ పరీక్ష, దాన్నీ తీసేసి మళ్లీ పరీక్ష, ఇలా దిగుతూ పోవడం కూడా తప్పే. పట్టికలోని హద్దులు ఒకసారి, ఒక అంకె మీద వాడటానికి వేసినవి. ఐదింటిలో రెండు తీసేయాల్సి వస్తోందంటే చెడింది రీడింగులు కాదు, పద్ధతి. అక్కడ పరీక్షను ఆపేసి టైట్రేషనే మళ్లీ మొదలుపెట్టాలి.

ఇప్పుడు మన కాలేజీ ల్యాబుల్లో అందరం నేర్చుకున్న అలవాటు గురించి. రికార్డులో మూడు రీడింగులు రాస్తాం. రెండు ఒకేలా, లేదా చాలా దగ్గరగా వస్తే వాటిని ‘కాంకర్డెంట్’ అంటాం, వాటి సగటు తీసుకుంటాం. మూడోది దానంతటదే మాయమవుతుంది. ఇది తప్పని చెప్పేవాళ్లు చాలా తక్కువ. మొదటిది రఫ్ రీడింగని ముందే ప్రకటించి పక్కన పెడితే తప్పు లేదు. మూడూ అసలు రీడింగులే అయి, దగ్గరగా వచ్చిన రెండింటినే ఎంచుకుంటే మాత్రం అది మోసపోవడమే, అదీ మనకు తెలియకుండానే.

ఎందుకో లెక్క చూపిస్తుంది. ఏ దోషమూ లేని, సాధారణ చెదురుపాటు మాత్రమే ఉన్న మూడు రీడింగులు తీసుకోండి. వాటిని వరసలో పెడితే మధ్యలో రెండు ఖాళీలు వస్తాయి. పెద్ద ఖాళీ చిన్న ఖాళీకి ఎన్ని రెట్లుంటుంది? నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌కు ఈ ప్రశ్న జ్యామితితో కచ్చితంగా తేలిపోతుంది. మూడింట దాదాపు రెండుసార్లు అది రెండు రెట్లకు మించి ఉంటుంది. పదింట మూడుసార్లు ఐదు రెట్లకు మించుతుంది. ప్రతి ఆరింట దాదాపు ఒకసారి పది రెట్లకు మించుతుంది. అంటే మూడు మంచి రీడింగుల్లో కూడా ‘రెండు కలిసి, ఒకటి దూరంగా’ కనిపించడం అసాధారణం కాదు, అదే మామూలు. కన్ను దాన్ని చెడ్డ రీడింగని చదువుతుంది. ఆ మూడోదాన్ని తీసేశాక మిగిలిన రెండూ తమ అసలు చెదురుపాటు కన్నా చాలా దగ్గరగా కనిపిస్తాయి, కొలత ఉన్నదానికన్నా చాలా కచ్చితమైనదన్న నమ్మకం కలిగిస్తాయి. ఇది అర్థమైతే మూడు రీడింగులకు క్యూ హద్దు 95 శాతంలో 0.970 అన్నంత కఠినంగా ఎందుకుందో అర్థమవుతుంది. పెద్ద ఖాళీ చిన్నదానికి 32 రెట్లు దాటితేనే మూడోదాన్ని తీసేయొచ్చని ఆ అంకె చెబుతోంది.

అయితే ఈ కఠినమైన హద్దును కూడా బ్యూరెట్ బోల్తా కొట్టిస్తుంది. 50 మిల్లీలీటర్ల బ్యూరెట్ మీద గీతలు 0.1కి ఒకటి. మధ్యది కంటితో అంచనా కట్టి 0.05 వరకూ చదువుతాం. కాబట్టి రెండు రీడింగులు సరిగ్గా 9.95, 9.95 రావడం అరుదేమీ కాదు. మూడోది 10.00 వచ్చిందనుకోండి. పక్కనున్న దూరం 0.05, మొత్తం వ్యాప్తీ 0.05, క్యూ విలువ 1. ఏ పట్టిక చూసినా తీసేయమంటుంది, కానీ ఆ మూడు రీడింగులూ నిజానికి ఒక బొట్టు తేడాలోనే ఉన్నాయి. తేడా ఆ పరికరం చదవగలిగే మెత్తదనానికి చాలా రెట్లు పెద్దదైతే తప్ప ఈ పరీక్షలను మూడింటి మీద వాడకూడదు. మన ఐదో రీడింగు ఆ తూకంలో నిలబడింది. తన పక్కదానికి 0.40 దూరం, ఎనిమిది అరగీతలు.

సందేహం తీరనప్పుడు నిజంగా సాయం చేసేది ఇంకొన్ని కొలతలు. సీసాలో నీరు మిగిలి ఉంటే, ఇంకా ఎన్ని చేయాలో ముందే నిర్ణయించుకుని అన్నీ చేయాలి, అన్నీ రాయాలి. మూడు చేయాలనుకున్నాం, 9.95, 9.90, 10.00 వచ్చాయనుకుందాం. ఇప్పుడు ఎనిమిది రీడింగులు. 10.40కి క్యూ విలువ ఇంకా 0.80నే. ఎనిమిదింటికి 95 శాతం హద్దు 0.526, 99 శాతం హద్దు 0.634. ఇందాక స్థాయిని బట్టి మారిన జవాబు ఇప్పుడు మారదు, రెండు స్థాయిల్లోనూ ఆ రీడింగు బయటికే. దానికి బదులు కొత్తవాటిలో ఒకటి 10.25 వచ్చి ఉంటే, 10.40 ఒంటరి కాదని, ఈ పద్ధతి చెదురుపాటు మనం అనుకున్నదానికన్నా ఎక్కువని తెలిసేది. అదీ విలువైన వార్తే. కావలసిన అంకె వచ్చేదాకా చేస్తూ పోయి, వచ్చిన చోట ఆపేయడం మాత్రం కొలత కాదు. ఎన్నింటి దగ్గర ఆగాలో ఫలితం చెప్పకూడదు.

ఇక నివేదిక. సీసా అయిపోయి ఐదు రీడింగులే మిగిలాయనుకుందాం. ముందే 95 శాతం అని రాసిపెట్టుకున్నాం కాబట్టి, దాని ప్రకారం తీసేశాం. దాన్ని ఎలా రాయాలి? ఇలా రాస్తే చదివేవారికి అన్యాయం జరగదు: ‘ఐదు టైట్రేషన్లు చేశాం. రీడింగులు 9.95, 10.00, 9.90, 9.95, 10.40 మి.లీ. ఐదోది ఎందుకు ఎక్కువొచ్చిందో కారణం దొరకలేదు. ముందుగా నిర్ణయించిన 95 శాతం స్థాయిలో డిక్సన్ పరీక్ష పెట్టాం, Q = 0.80, హద్దు 0.710. దాన్ని మినహాయించాక సగటు కఠినత్వం లీటరుకు 199.0 మి.గ్రా., ప్రామాణిక విచలనం 0.8. ఐదూ కలిపితే 200.8, ప్రామాణిక విచలనం 4.1. మధ్యగతం 199.’ ఏడు వాక్యాలు. ఇందులో అందరూ వదిలేసేది ‘ఐదూ కలిపితే’ అన్న వాక్యం. అన్నింటికన్నా అవసరమైనదీ అదే, ఎందుకంటే తీసేసిన నిర్ణయంతో ఏకీభవించని పాఠకుడు తన జవాబును తానే చూసుకోగలుగుతాడు. మధ్యగతం కూడా ఇచ్చేది అందుకే. అంకెలను వరసలో పెట్టి నడిమిదాన్ని తీసుకుంటాం కాబట్టి, ఒక్క అంకె ఎంత దూరం పోయినా అది కదలదు. ఏదీ తీసేయకుండానే 199 అంటోంది.

ఇంతకీ నీరు 200 హద్దు లోపల ఉందా? ఇక్కడే అసలు నిజాయితీ పరీక్ష. 10.40ను తీసేసినా, నాలుగు రీడింగుల సగటుకు 95 శాతం విశ్వాస అవధి సుమారు ఒకటింబావు అటూ ఇటూ వస్తుంది, అంటే 197.7 నుంచి 200.3 వరకు. 200 ఆ అవధిలోపలే ఉంది. ఐదూ ఉంచితే అవధి 195.7 నుంచి 205.9 వరకు. ఏ దారిన పోయినా ‘హద్దులోనే ఉంది’ అని ఈ కొలతలు ఖాయంగా చెప్పలేవు. ఆ ఒక్క రీడింగు చుట్టూ మనం చేసిన తర్జనభర్జన మొత్తం ఫలితాన్ని మార్చినట్టే కనిపించింది గానీ, అసలు ప్రశ్నకు జవాబు అక్కడ లేనే లేదు. ‘హద్దు దగ్గరే ఉంది, కొత్త నమూనా తీసి మళ్లీ పరీక్షించాలి’ అని రాయాలి. సగటును మాత్రమే చూసి, తీసేయడంతో 199 వచ్చింది కాబట్టి హద్దులోనే ఉందని ప్రకటించే నివేదికలో ప్రతి అంకె నిజమే అయినా, మొత్తం నిజం కాదు.

చెప్పకుండా తీసేస్తే ఏమవుతుందో చూపడానికి భౌతికశాస్త్ర చరిత్రలో ఒక ఘట్టం ఉంది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ మిలికన్ నూనె బొట్ల ప్రయోగంతో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచి 1913లో వ్యాసం వేశాడు. అందులో 58 బొట్ల ఫలితాలిచ్చాడు. ఇవి ఏరి తీసినవి కావని, వరసగా 60 రోజుల్లో పరీక్షించిన బొట్లన్నీ ఇవేనని అందులో చెప్పాడు. చరిత్రకారుడు జెరాల్డ్ హోల్టన్ 1970ల చివర్లో ఆయన నోట్‌బుక్‌లు తెరిచి చూశాడు. వాటిలో దాదాపు 175 బొట్లున్నాయి. కొన్నింటి పక్కన ఇది బాగుంది, వ్యాసంలో వేయాలి అన్న తరహా గమనికలు ఉన్నాయి. తర్వాత అలన్ ఫ్రాంక్లిన్ వదిలేసిన బొట్లను కూడా లెక్కలోకి తీసుకుని చూశాడు. తేలిందేమంటే, ఎలక్ట్రాన్ ఆవేశం విలువ దాదాపు మారలేదు. మిలికన్ ప్రకటించిన అనిశ్చితి మాత్రం వదిలేసిన బొట్లతో కలిపి చూస్తే ఉన్నదానికన్నా చిన్నది.

ఆయన వదిలేసిన వాటిలో చాలావాటికి పనికొచ్చే కారణాలే ఉన్నాయి. తొలి నెలల్లో పరికరం ఇంకా గాడిలో పడలేదు, కొన్ని బొట్లు మరీ చిన్నవి, కొన్ని త్వరగా కనుమరుగయ్యాయి. ఆ కారణాలను రెండు పేరాల్లో రాసేసి ఉంటే వందేళ్ల తర్వాత ఎవరూ ఆయన మీద వేలెత్తేవారు కాదు. నా దృష్టిలో మిలికన్ తప్పు బొట్లను తీసేయడంలో లేదు, అన్నీ ఇవేనని రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఆయన నోట్‌బుక్‌లో మాత్రం దేన్నీ చించేయలేదు, చెరిపేయలేదు. అందువల్లే మరొకరు అర్ధ శతాబ్దం పైన గడిచాక కూడా అన్నింటినీ మళ్లీ లెక్క కట్టగలిగారు. ఈ అలవాటు మాత్రం ఆయన నుంచి నేర్చుకోవాల్సిందే. తీసేసిన రీడింగు మీద ఒకే ఒక గీత గీయాలి. కింది అంకె చదవగలిగేలా ఉండాలి, పక్కన తేదీ, సంతకం, కారణం ఉండాలి. వైట్నర్ పూసిన చోట ఏముండేదో ఎవరికీ తెలియదు.

ఈ పని చట్టం దాకా వెళ్లిన చోటు మందుల తయారీ. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల నాణ్యతా విభాగాల్లో ‘ఓఓఎస్’ అన్న మాట వినని రోజు ఉండదు. మందు నిర్దేశించిన హద్దులు దాటి ఫలితం వస్తే దానికి ఆ పేరు. ఆ ల్యాబుల్లో చాలావాటి మందులు అమెరికాకు వెళ్తాయి కాబట్టి, అక్కడి ఎఫ్‌డీఏ నియమాలే వాటికీ వర్తిస్తాయి. ఆ నియమాలకు మూలం 1993లో బార్ లేబొరేటరీస్ అనే కంపెనీ మీద న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు. హద్దు దాటిన ఫలితం వస్తే, బాగుండే ఫలితం వచ్చేదాకా మళ్లీ మళ్లీ పరీక్షించి పాసు చేసుకోవడాన్ని కోర్టు ఒప్పుకోలేదు. రసాయన పరీక్షల్లో, అవుట్‌లయర్ పరీక్షను చూపించి చెడు ఫలితాన్ని కొట్టేయడాన్నీ తోసిపుచ్చింది.

దాని తర్వాత 2006లో ఎఫ్‌డీఏ వెలువరించి, 2022లో సవరించిన మార్గదర్శకాల్లోనూ ఇదే సారం. అవుట్‌లయర్ పరీక్ష ఒక ఫలితం ఎంత అరుదో మాత్రమే చెబుతుంది, ఎందుకలా వచ్చిందో చెప్పదు. కాబట్టి పరీక్షించి ధ్రువీకరించిన రసాయన పద్ధతిలో వచ్చిన ఫలితాన్ని ఆ ఒక్క ఆధారంతో చెల్లదనకూడదు. ఫ్లాస్కులు, పిపెట్‌లు, ద్రావణాలు పారబోయక ముందే ల్యాబులో వెతుకులాట జరగాలి. కారణం ల్యాబులో దొరకకపోతే ఆ ఫలితం నిలుస్తుంది, వెతుకులాట తయారీ షెడ్డు వైపు సాగుతుంది, తేడా ఆ బ్యాచ్‌లోనే ఉండవచ్చు కాబట్టి. మన బోరు నీటి పరీక్షలో ఎవరూ ఇంత కఠిన నియమాలు పెట్టలేదు. అయినా 10.40 దగ్గర కారణం దొరకనప్పుడు వేయాల్సిన తొలి ప్రశ్న ఆ నియమాలు వేసేదే. సీసాలోని నీరు పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా ఉందా? అడుగున పేరుకున్న మడ్డి ఏదైనా ఐదో పిపెట్‌లోకి వచ్చిందా? ఒకవేళ వచ్చి ఉంటే, 10.40 చెడ్డ కొలత కానే కాదు. ఆ సీసాలో నిజంగా ఉన్నదాన్ని కొలిచిన మంచి కొలత అది.